రాత కనిపించని ఫొటోకు మనం రాయవలసిన జవాబు

(ఊళ్లలోని పాత రాళ్ల ఫొటోలు సేకరించి, వాటి పాఠాలు నమోదు చేస్తున్న కార్యకర్తల కోసం హనుమకొండలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వరంగల్, ములుగు, భూపాలపల్లి, జనగామ, మహబూబాబాద్ వైపు ఊళ్ల నుంచి మీలో చాలామంది వచ్చారు. చెరువు కట్ట మీదో, గుడి ముందరో, పొలం గట్టునో నిలబడి ఉన్న పాత రాళ్ల ఫొటోలు తీసి మన సేకరణకు ఎక్కిస్తున్నవారు మీరే, వాటి పక్కనున్న 'పాఠం' అనే గడిని నింపుతున్నవారూ మీరే. అక్షరాలు స్పష్టంగా ఉన్నప్పుడు ఆ గడిలో ఏమి రాయాలన్నది మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది అక్షరాలు కనిపించని ఫొటోల గురించి. బొమ్మలు మాత్రమే ఉన్నవి, లేదా బొమ్మో గీతో మరకో తేల్చలేని మసక ఆకారాలు ఉన్నవి మన సేకరణలో తక్కువేమీ కాదు. అలాంటి ఫొటో ఎదురైనప్పుడు గడిలో ఏమి రాయాలి, దాన్ని పంపిన మనిషికి ఏమని జవాబు చెప్పాలి అన్నదే నా విషయం.

ప్రస్తుతం మన నమోదుల్లో ఇలాంటి చోట్ల మూడు నాలుగు రకాల అలవాట్లు కనిపిస్తున్నాయి. కొందరు గడిని ఖాళీగా వదిలేస్తున్నారు. కొందరు 'శాసనం లేదు' అని రాస్తున్నారు. కొందరు 'అస్పష్టం' అన్న ఒక్క మాటతో ముగిస్తున్నారు. ఈ మధ్య కొందరు ఫొటోను అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి, అది కక్కిన సున్నలనూ అరసున్నలనూ విడి అక్షరాలనూ అలాగే తెచ్చి గడిలో అతికిస్తున్నారు. వీటిలో ఖాళీ గడి వల్ల జరిగే నష్టం చిన్నదిగా కనిపిస్తుంది గాని, నిజానికి అది చిన్నది కాదు. గడి ఖాళీగా ఉంటే దాన్ని ఇంకా ఎవరూ చూడలేదనే తరువాతివారు అనుకుంటారు. మీరు అరగంట పరిశీలించి ఏమీ లేదని తేల్చుకున్న ఫొటోను ఇంకొకరు మళ్లీ మొదటి నుంచి అరగంట పరిశీలిస్తారు. ఈ కారణంగానే అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన చేతిరాత పత్రాలను ప్రజల చేత ఎత్తిరాయించే పనిలో, ఎత్తిరాయడానికి ఏమీ లేని పేజీల కోసం `Nothing to transcribe` అని విడిగా ఒక గుర్తు పెట్టింది. వికీసోర్స్‌లో కూడా పాఠ్యం లేని పేజీ, ఇంకా దిద్దని పేజీ వేరువేరు స్థాయిల్లో ఉంటాయి. చూశాక ఏమీ దొరకలేదన్నది ఒక ఫలితం. ఆ ఫలితాన్ని రాసి పెట్టాలి.

సాఫ్ట్‌వేర్ సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. టెసరాక్ట్ వంటి సాధనాలను ప్రధానంగా అచ్చు కాగితాల కోసం తయారు చేశారు. రాతి మీద గరుకు, నాచు మచ్చలు, ఉలి దెబ్బలు వాటికి అక్షరాల్లా కనిపించవచ్చు. మన లిపిలో గుండ్రని ఆకారాలు ఎక్కువ కాబట్టి రాతిలోని ప్రతి గుంతా సున్న కావడానికి సిద్ధంగా ఉంటుంది. అదే సాధనం కొన్నిసార్లు `Empty page!!` అని చెప్పి ఊరుకుంటుంది. ఆ మాటకు అర్థం దానికి ఏమీ దొరకలేదని మాత్రమే. రాయి మీద ఏమీ లేదని కాదు. ఈ రెండు ఫలితాలలో ఏదీ మన గడిలోకి రాకూడదు.

ఇక అసలు విషయం. రాత కనిపించని ఫొటో ముందు మనం చెప్పగలిగిన నిజమైన మాటలు మూడే ఉన్నాయి. రాత లేదు. రాత ఉంది గాని చదవడానికి వీలుపడడం లేదు. రాత ఉన్నదో లేదో ఈ ఫొటోను బట్టి తేల్చలేము. ఈ మూడూ దగ్గర దగ్గరగా వినిపిస్తాయి గాని, తరువాత జరగవలసిన పని మూడింటికీ మూడు రకాలుగా ఉంటుంది. మొదటి మాట చెబితే ఆ రాయి దగ్గరకు అక్షరాల కోసం ఇక ఎవరూ వెళ్లరు. రెండవ మాట చెబితే శాసనాలు చదవగలిగినవారు, కాగితపు అచ్చు తీయగలిగినవారు వెళ్లాలి. మూడవ మాట చెబితే ఫొటో తీసినవారే మరొకసారి వెళ్లి మరొక విధంగా ఫొటో తీస్తే సరిపోతుంది. 'అస్పష్టం' అన్న ఒక్క మాట ఈ మూడింటినీ కలిపేస్తుంది కాబట్టే దాన్ని మానుకోవాలని కోరుతున్నాను.

శాసన పరిశోధకులు ఈ తేడాను చాలా కాలంగా పాటిస్తున్నారు. 1931లో లైడెన్‌లో జరిగిన సమావేశం తరువాత స్థిరపడిన గుర్తుల పద్ధతిలో, చెక్కకుండా కావాలనే వదిలిన ఖాళీకి ఒక గుర్తు, ఆనవాళ్లు కనిపిస్తున్నా ఏ అక్షరమో తెలియని చోటికి ఒక గుర్తు, రాయి పగిలిపోయి అక్షరాలు పూర్తిగా పోయిన చోటికి ఇంకొక గుర్తు ఉన్నాయి. ఇప్పుడు కంప్యూటర్‌లో శాసనాలు భద్రపరచేవారు కూడా అదే విభజనను ఇలా రాస్తారు.

```
<space/>
<gap reason="illegible" extent="unknown" unit="line"/>
<gap reason="lost" extent="unknown" unit="line"/>
```

మొదటిది ఖాళీగా వదిలిన చోటు, రెండవది చదవలేని పంక్తులు, మూడవది నశించిన పంక్తులు. మీరు ఈ గుర్తులు వాడవలసిన పని లేదు, మనకు మామూలు తెలుగు వాక్యాలు చాలు. అయితే ఈ గుర్తులన్నీ రాయిని ఎదురుగా నిలబడి చూసినవాడి కోసం పుట్టినవి. మన ముందు ఉండేది రాయి కాదు, రాయి ఫొటో. అందువల్ల 'ఈ ఫొటోను బట్టి తేల్చలేము' అన్న మాట మనకు అదనంగా కావలసి వచ్చింది, మన పనిలో ఎక్కువసార్లు వాడవలసి వచ్చేదీ అదే.

ఒక ఫొటోను తీసుకొని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ఒక ఊరి చెరువు కట్ట మీద నిలబెట్టిన రాయి అది. ఊరి పేరు ఇక్కడ చెప్పను. అక్కడి ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయులొకరు దాన్ని పంపారు. రాయి పై భాగంలో ఎడమ వైపు సూర్యుడు, కుడి వైపు చంద్రవంక, వాటి నడుమ లింగం, లింగానికి పక్కన ఒక ఆవు, దాని కింద దూడ ఉన్నాయి. బొమ్మల కింద రాయి చదునుగా ఉండి, మసకగా అడ్డగీతల వంటివి కనిపిస్తున్నాయి. ఆ కింద గడ్డి, మట్టి. మన కార్యకర్త ఒకరు దానికి 'బొమ్మలు మాత్రమే ఉన్నాయి, శాసనం లేదు' అని రాశారు.

ఆ వాక్యం ఎందుకు నిలవదో చూడండి. సూర్యచంద్రులు, లింగం, ఆవు దూడ అన్నవి మన ప్రాంతంలో దానశాసనాల తల భాగాన చెక్కే బొమ్మలు. ఈ దానం సూర్యచంద్రులున్నంత కాలం నిలవాలన్న భావంతో వారి బొమ్మలు చెక్కేవారు. అంటే ఈ బొమ్మలు కనిపించినప్పుడు కింద రాత ఉంటుందని ఎదురుచూడడమే న్యాయం. పైగా రాయి ఉన్నది చెరువు కట్ట మీద. చెరువు తవ్వించినవారు, దాని కింద భూమి దానం చేసినవారు ఆ సంగతిని శాసనంగా వేయించడం కాకతీయుల కాలంలో బాగా నడిచిన పద్ధతి. గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు దగ్గరి శాసనం కాకతీయుల వంశక్రమాన్ని తెలుసుకోవడానికి మనకున్న ముఖ్యమైన ఆధారాలలో ఒకటి. కాబట్టి చెరువు కట్ట మీద, తల మీద ఈ బొమ్మలతో నిలబడి, కింది భాగం మట్టిలో కూరుకుపోయిన రాయి గురించి 'శాసనం లేదు' అనాలంటే ఎంతో ఆధారం కావాలి. ఈ ఫొటోలో రాయి ఒక్క ముఖమే ఉంది. వెనుక ముఖం లేదు, పక్కలు లేవు, మట్టిలో ఉన్న భాగం లేదు. నాలుగు పక్కలా చెక్కిన శాసన స్తంభాలు మన దగ్గర ఉన్నాయన్నది మీకు తెలుసు. కనిపించని మూడు ముఖాల గురించి మనకు తెలిసింది ఏమీ లేదు.

సరే, కనిపిస్తున్న ముఖం మాటేమిటి? అక్కడైనా లేదని చెప్పవచ్చునా? దీనికి చిన్న లెక్క వేయాలి. ఇది ప్రతి ఫొటోకూ వేయవలసిన లెక్క కాబట్టి నిదానంగా చెబుతాను. ఈ ఫొటో వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చింది. అలా పంపినప్పుడు ఫొటో కుదించుకుపోతుంది. మనకు చేరిన ఫైలు పొడవు 1600 పిక్సెళ్లు ఉంది. కట్ట, చెట్టు, ఆకాశం అన్నీ కలిసి వచ్చేటట్టు దూరం నుంచి తీశారు గనుక, నిలువులో మూడో వంతు మాత్రమే రాయి ఆక్రమించింది. అంటే సుమారు 530 పిక్సెళ్లు. రాయి నేల మీద 120 సెంటీమీటర్ల ఎత్తు ఉందని పంపినవారు రాశారు. అప్పుడు ఒక్కొక్క పిక్సెల్ రాతి మీద రెండు మిల్లీమీటర్ల పైచిలుకు మేరను చూపిస్తుంది. అక్షరం మూడు సెంటీమీటర్ల ఎత్తు ఉందనుకుంటే, ఫొటోలో దాని ఎత్తు 13 పిక్సెళ్లు. ఉలి గాడి వెడల్పు మూడు మిల్లీమీటర్లయితే అది ఒక పిక్సెల్‌ను కొంచెం దాటుతుంది, అంతే. ఎండా వానా తిని అంచులు అరిగిన గాడి ఒక్క పిక్సెల్ వెడల్పులో కనిపించదు. ఈ రాయి మీద శాసనం నిండుగా ఉన్నా ఈ ఫొటోలో అది మసక అడ్డగీతలుగానే వస్తుంది. మనం చూస్తున్నది కూడా అటువంటి అడ్డగీతలే.

కనుక ఈ ఫొటోకు మూడవ మాటే సరైనది. గడిలో ఇలా రాయించాను: 'ఈ ఫొటోలో రాయి ముందు ముఖం, నేల మీది భాగం మాత్రమే ఉన్నాయి. పై భాగంలో సూర్యుడు, చంద్రవంక, లింగం, ఆవు, దూడ ఉన్నాయి. బొమ్మల కింద మసక అడ్డగీతలు ఉన్నాయి. అవి అక్షర పంక్తులో, రాతి గరుకో ఈ ఫొటోను బట్టి తేల్చలేము. మిగిలిన ముఖాలు, మట్టిలోని భాగం చూడలేదు.' కింద తేదీ, పరిశీలించినవారి పేరు. ఇందులో ప్రతి వాక్యం ఫొటో గురించే మాట్లాడుతున్నదని గమనించండి. రాయి గురించి మనం ఏ తీర్పూ చెప్పలేదు, అయినా దీన్ని తరువాత చదివేవారికి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో పూర్తిగా తెలుస్తుంది.

ఇక పంపిన ఉపాధ్యాయులకు ఏమి చెప్పాలి? ఆయన ఎండలో నడిచి వెళ్లి, ముళ్ల కంపలు తప్పించుకుని ఫొటో తీశారు. 'ఫొటో సరిగా లేదు, మళ్లీ పంపండి' అని ఒక్క ముక్క రాస్తే ఆయనకు బాధ కలుగుతుంది. అంతకన్నా ముఖ్యంగా, రెండోసారి కూడా అదే విధంగా తీసి పంపుతారు, ఎందుకంటే ఏది సరిగా లేదో మనం చెప్పలేదు. నేను రాయించిన జవాబు ఇది:

'సార్, నమస్కారం. మీరు పంపిన రాయి ఫొటో చూశాం. పైనున్న సూర్యచంద్రులు, లింగం, ఆవు దూడ బొమ్మలు దానశాసనాల మీద ఉండేవి. అందుకే కింద రాత ఉండవచ్చునని అనుకుంటున్నాం. ఈ ఫొటోలో మాత్రం అది తెలియడం లేదు. వీలైనప్పుడు బొమ్మల కింది చదును భాగం ఒక్కటే ఫొటో నిండా వచ్చేటట్టు దగ్గర నుంచి తీయండి. చీకటి పడ్డాక, టార్చిలైటు రాయికి ఎదురుగా కాకుండా పక్క నుంచి పట్టించి తీస్తే మేలు. ఫోను ఫ్లాష్ ఆపేయండి. రాయి వెనుక, రెండు పక్కలా కూడా ఒక్కొక్క ఫొటో తీయండి. వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి. రాయి మీద సుద్ద, పిండి, నూనె ఏవీ పూయవద్దు. మొదలు దగ్గర తవ్వవద్దు.'

టార్చి పక్క నుంచి ఎందుకు అన్నది చాలామంది అడుగుతారు. చెక్కిన అక్షరానికి రంగు లేదు. దాన్ని మనకు చూపించేది గాడిలో పడే నీడ ఒక్కటే. వెలుతురు ఎదురుగా పడితే గాడి అడుగు కూడా రాతి ముఖంలాగే వెలిగిపోయి, నీడ మాయమై, అక్షరం కనిపించకుండా పోతుంది. ఫ్లాష్ చేసేది అదే. వెలుతురు రాతిని రాసుకుంటూ పక్క నుంచి వెళితే గాడిలో ఒక గోడ నల్లబడుతుంది, ఎదుటి గోడ మెరుస్తుంది. పక్క నుంచి పడే వెలుతురు నిలువు గీతలను బాగా చూపిస్తుంది, పై నుంచి పడేది అడ్డగీతలను చూపిస్తుంది. మన అక్షరాలు వంపు తిరిగినవి కాబట్టి కెమెరాను కదల్చకుండా, టార్చిని ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి పట్టించి మూడు ఫొటోలు తీయడం మంచిది. పగలే తీయవలసి వస్తే రాయి ఎటు చూస్తున్నదో గమనించాలి. తూర్పు ముఖంగా ఉన్న రాయికి పొద్దున్నే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, అప్పుడు తీసిన ఫొటో పనికిరాదు. సూర్యుడు నెత్తి మీదికి వస్తూ, ఎండ రాతి ముఖాన్ని పై నుంచి రాసుకుంటూ దిగే సమయం కోసం ఆగాలి.

ఆ ఉపాధ్యాయులు అలాగే చేశారు. చదును భాగం నలభై సెంటీమీటర్ల మేర ఫొటోలో మూడువేల పిక్సెళ్లు ఆక్రమించేటట్టు వచ్చింది. ఇప్పుడు మూడు సెంటీమీటర్ల అక్షరం రెండువందల పిక్సెళ్లకు పైగా ఉంటుంది, గాడి ఒక్కటే ఇరవై పిక్సెళ్లు దాటుతుంది. ఈ ఫొటోలో ఏదైనా ఉంటే కనిపించి తీరాలి. చూస్తే మసక అడ్డగీతలు రెండు రకాలుగా విడిపోయాయి. కొన్ని ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా నేరుగా, సమానమైన ఎడంతో గీసిన సన్నటి గీతలు. అవి పంక్తులు వంకర పోకుండా చెక్కేవారు గీసుకున్నవి. వాటి నడుమ ఒకే ఎత్తులో వరుసగా గుండ్రని ఆకారాల ఆనవాళ్లు ఉన్నాయి. అటువంటి వరుసలు నాలుగు లెక్కించగలిగాం. అక్షరాలనడానికి ఆధారం ఈ క్రమమే. ఉలి దెబ్బలయితే ఒకే వాలుగా, కురచగా, ఎత్తులో క్రమం లేకుండా ఉంటాయి. నాచు మచ్చలయితే రంగు మారుతుంది గాని, టార్చి ఎడమ నుంచి కుడికి మార్చినప్పుడు నీడ మారదు. కొడవళ్లు నూరిన గీతలయితే నడుమ లోతుగా, చివర్లకు సన్నగా, నున్నగా ఉంటాయి. ఇక్కడ టార్చి దిక్కు మారినప్పుడల్లా ప్రతి ఆకారంలో నల్లని గోడా మెరిసే గోడా తారుమారయ్యాయి. అంటే అవి లోతున్న గాళ్లు.

ఇక్కడే అసలైన ప్రమాదం ఎదురైంది. మొదటి వరుస ఆరంభంలో రెండు మూడు ఆకారాలు మిగతావాటికన్నా కొంచెం తేటగా ఉన్నాయి. గదిలో ఉన్నవారందరూ ఒక్కసారిగా 'స్వస్తిశ్రీ' అన్నారు. మన శాసనాలు ఎన్నో స్వస్తిశ్రీ అనే మొదలవుతాయి కాబట్టి ఆ ఊహ సహజమే. అయితే కన్ను అక్కడ చదివింది రాతిని కాదు, తనకు ముందే తెలిసిన మాటను. 'స్వస్తిశ్రీ తరువాత శకవర్షాలు ఉండాలి కదా' అంటూ రెండో వరుసలో అంకెల కోసం వెతకడం మొదలయింది. కాసేపు ఆపకపోతే ఆ రాయికి ఒక సంవత్సరం, ఒక రాజు పేరు కూడా దొరికి ఉండేవి. ఒకసారి గడిలోకి వెళ్లిన సంవత్సరం ఊరి చరిత్రలోకి, అక్కడి నుంచి గుడి ముందు బోర్డు మీదికి ఎక్కుతుంది. దాన్ని తరువాత ఎవరూ దించలేరు.

నేను అందరికీ చెప్పిన పరీక్ష చాలా మామూలుది. ఫొటోలోంచి ఆ ఒక్క ఆకారాన్ని మాత్రం కత్తిరించి, ఆ రాయి సంగతి తెలియని, పాత లిపి తెలిసిన మనిషికి చూపించండి. పక్క ఆకారాలు లేకుండా అది ఏ అక్షరమో ఆయన చెప్పగలిగితే చదివినట్టు. చెప్పలేకపోతే మనం చదవలేదు, ఊహించాం. మా ఆకారాలలో ఏదీ ఆ పరీక్షలో నిలవలేదు. కాబట్టి నమోదు ఇలా మారింది: 'ముందు ముఖం మీద బొమ్మల కింద రాత ఉంది. గీతల నడుమ నాలుగు పంక్తులు లెక్కకు వచ్చాయి. మట్టిలో ఇంకా ఉండవచ్చు. అక్షరాలు బాగా అరిగినందున ఫొటోల ద్వారా ఏ అక్షరమూ నిశ్చయించలేకపోయాం. వెనుక ముఖం, రెండు పక్కల ఫొటోలలో రాత కనిపించలేదు. కాగితపు అచ్చు అవసరం.' పాత నమోదును చెరపలేదు, దాని కింద కొత్త తేదీతో ఇది చేర్చాం. మూడవ మాట రెండవ మాటగా మారిన తీరు చదివేవారికి కనబడాలి.

కాగితపు అచ్చు అంటే ఎస్టాంపేజీ. తడిపిన కాగితాన్ని రాతి మీద పరచి, బ్రష్షుతో కొట్టి గాళ్లలోకి దింపి, పైన సిరా అద్దితే గాళ్లు తెల్లగా మిగులుతాయి. అది శిక్షణ పొందినవారి పని. దాని కోసం ఎవరినైనా పిలిచే ముందు, ఈ రాయి ఇదివరకే నమోదయిందేమోనని వరంగల్, కరీంనగర్ జిల్లాల శాసన సంపుటాలలో ఆ ఊరి పేరు కింద తప్పక చూడండి. అరవై డెబ్బై ఏళ్ల కిందట రాయి ఇంతగా అరగక ముందు ఎవరైనా చదివి ఉండవచ్చు. అప్పుడు కూడా ఆ పాఠాన్ని మన గడిలో మనం చదివినట్టు పెట్టకూడదు. 'ఫొటోలో చదవలేకపోయాం, పాఠం ఫలానా సంపుటంలో ఉంది' అని రాయాలి.

మొదటి మాట, అంటే 'రాత లేదు' అన్నది, ఎప్పుడూ చెప్పకూడదా? చెప్పాలి, ధైర్యంగా చెప్పాలి, చెప్పడానికి తగిన ఫొటోలు ఉన్నప్పుడు. వీరగల్లులు ఇందుకు మంచి ఉదాహరణ. ఖడ్గం, డాలు పట్టిన మనిషి ఒక్కడే ఉన్న రాళ్లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి, వాటిలో చాలావాటి మీద అక్షరం ముక్క లేదు. కొన్ని వీరగల్లులు అంతస్తులుగా ఉంటాయి. కింద యుద్ధం, నడుమ వీరుడిని అప్సరసలు తీసుకుపోవడం, పైన లింగం ముందు వీరుడు కూర్చోవడం. రాత ఉంటే తరచు ఈ అంతస్తుల నడుమ వదిలిన చదును పట్టీల మీద ఉంటుంది. కాబట్టి ఆ పట్టీలను పక్క వెలుతురులో దగ్గరగా తీసిన ఫొటోలు, వెనుకా పక్కలా తీసిన ఫొటోలు ఉండి, రాయి మొదలు దాకా కనిపిస్తుంటే, 'అన్ని ముఖాలూ, పట్టీలూ చూశాం. రాత లేదు' అని రాయండి. ఎంత వరకు చూశారో చెప్పకుండా ఆ మాట ఒంటరిగా రాయవద్దు.

బొమ్మలు మాత్రమే ఉన్న రాయికి బొమ్మల వర్ణన ఎంతవరకు రాయాలన్నది కూడా కొందరు అడిగారు. కనిపించేది రాయండి. 'కుడి చేత ఖడ్గం, ఎడమ చేత డాలు, తలకు కుడి వైపు ముడి' అంటే చాలు. ఊరివాళ్లు ఆ వీరుడికి ఒక పేరు చెబితే అది విలువైన సమాచారమే, దాన్ని 'స్థానికులు చెప్పినది' అన్న గడిలో రాయండి. పాఠం గడిలోకి మాత్రం రానివ్వవద్దు. అక్కడికి వచ్చిన పేరు రాతి మీద చెక్కి ఉందని పది సంవత్సరాల తరువాత చదివేవారు నమ్ముతారు, అలా నమ్మడంలో వారి తప్పు ఏమీ ఉండదు.

తాటాకు కట్టల ఫొటోలు ఎక్కిస్తున్నవారు ఇద్దరు ముగ్గురు ఇక్కడ ఉన్నారు గనుక వారి కోసం ఒక్క మాట. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరం మసి పూసిన తరువాతే నల్లగా కనిపిస్తుంది. మసి పూయనిది, లేదా పూసిన మసి పోయినది అయితే ఆకు ఖాళీగా, ఈనెల గీతలతో మాత్రమే ఉన్నట్టు ఫొటోలో తోస్తుంది. కట్టకు మొదట్లో, చివర్లో నిజంగా ఖాళీ ఆకులు కూడా పెడతారు కాబట్టి ఈ రెండూ సులభంగా కలిసిపోతాయి. ఆకు స్థానం కట్ట నడుమ అయితే 'ఖాళీ ఆకు' అని రాయడానికి తొందరపడవద్దు. పక్క వెలుతురులో మళ్లీ తీయించండి. మసి మాత్రం మీరు పూయవద్దు.

ఇప్పుడు తెర మీద మీరు పంపిన ఫొటోలే కొన్ని వేస్తాను. పంపినవారి పేర్లు తీసేశాను. ప్రతి ఫొటోకు ముందుగా రాయి ఎన్ని పిక్సెళ్లు ఉందో, వెలుతురు ఎటు నుంచి పడుతున్నదో, ఎన్ని ముఖాలు కనిపిస్తున్నాయో చెప్పండి. ఆ తరువాతే మూడు మాటల్లో ఏది రాయాలో మీలో ఒకరు నిలబడి పూర్తి వాక్యాలతో చెప్పండి. మొదటి ఫొటో పరకాల వైపు నుంచి వచ్చింది.